సెలవు చీటీ హాజరు కాదు

"మెడికల్ సర్టిఫికెట్ ఇచ్చాం కదండీ, మళ్లీ డిటెయిన్ ఏమిటి?" సెమిస్టర్ చివర్లో ఇంజనీరింగ్ కాలేజీల ఆఫీసు గదుల్లో తల్లిదండ్రులు అడిగే ప్రశ్న ఇది. అడగడంలో తప్పు లేదు. కొడుకు నిజంగానే ఆస్పత్రిలో ఉన్నాడు, కాగితం నిజమైనదే, పైగా ఆ కాగితాన్ని కాలేజీ తీసుకుని ఫైల్లో పెట్టుకుంది కూడా. కానీ అది ఇచ్చిన రోజున ఆ తండ్రికి ఎవరూ చెప్పని సంగతి ఒకటుంది. డాక్టరు రాసిన సెలవు ఒక్క పీరియడ్‌ను కూడా హాజరుగా మార్చదు. తగ్గిన హాజరును మన్నించమని అడగడానికి అదొక ఆధారం, అంతే. ఆ మన్నింపుకూ ఒక అడుగు హద్దు ఉంది. దాని కిందకు జారితే ప్రిన్సిపాల్ తలుచుకున్నా చేయగలిగింది లేదు.

ఇంటర్ నుంచి మెడిసిన్ దాకా ఒక్కో చోట ఒక్కో నిబంధన. అన్నీ కలిపి చెబితే ఏదీ తలకెక్కదు. అందుకే తెలుగు ఇళ్లలో ఎక్కువ మందికి పరిచయమైన ఒక చోటును తీసుకుందాం. హైదరాబాద్ జేఎన్‌టీయూకు అనుబంధంగా ఉన్న ఒక ఇంజనీరింగ్ కాలేజీ, అందులో ఆర్18, ఆర్22 వంటి రెగ్యులేషన్ల కింద బీటెక్ చదివే విద్యార్థి. అక్కడ సెమిస్టర్ మొత్తానికి, అన్ని సబ్జెక్టులూ కలిపి కనీసం 75 శాతం హాజరు ఉంటేనే పరీక్ష రాయనిస్తారు. 65కు తగ్గకుండా, 75కు చేరకుండా ఉన్నవారు సరైన కారణం, దానికి సాక్ష్యం చూపిస్తే కాలేజీ అకడమిక్ కమిటీ ఆ లోటును మన్నించవచ్చు. దీన్నే కండోనేషన్ అంటారు, దానికి నిర్ణయించిన ఫీజు కట్టాలి. 65 శాతం కంటే తగ్గితే ఏ పరిస్థితిలోనూ మన్నించకూడదని నిబంధనల్లో స్పష్టంగా రాసి ఉంటుంది. అటానమస్ కాలేజీలకు, ఇతర యూనివర్సిటీలకు వేరే అంకెలు, వేరే మినహాయింపులు ఉండవచ్చు కాబట్టి ముందుగా తెరవాల్సింది మీ బ్యాచ్‌కు వర్తించే రెగ్యులేషన్ పుస్తకాన్నే. సీనియర్ చెప్పిన మాట చాలదు, ఎందుకంటే ఆ సీనియర్ చదివేది వేరే రెగ్యులేషన్ కావచ్చు.

ఇక లెక్కలోకి దిగుదాం. ఈ వ్యవహారమంతా ఒక కూడిక, ఒక తీసివేత మీద నడుస్తుంది. ఆ రెండూ ప్రమాదం జరిగిన వారంలోనే చేస్తే ఒక ఫలితం, సెమిస్టర్ చివర్లో చేస్తే ఇంకో ఫలితం.

రెండో సంవత్సరం చదివే ఒక కుర్రాణ్ణి ఊహించుకుందాం. పేరు ప్రవీణ్ అనుకుందాం. సెమిస్టర్‌లో 90 పనిరోజులు, రోజుకు 6 పీరియడ్లు, మొత్తం 540. ఇరవై పనిరోజులు గడిచాక బైకు మీద నుంచి పడి మోకాలి కింద ఎముక విరిగింది. ఆపరేషన్ చేసి రాడ్ వేశారు. డాక్టరు ఎనిమిది వారాల విశ్రాంతి రాశారు. అప్పటికే ఏదో పెళ్లికి రెండు రోజులు మానేశాడు. అంటే జరిగిన 120 పీరియడ్లలో 108కి ఉన్నాడు.

540లో 75 శాతం అంటే 405. 65 శాతం అంటే 351. ఇప్పటికే 108 ఉన్నాయి కాబట్టి, కనీసం 351 చేరాలంటే మిగిలిన 420 పీరియడ్లలో 243కి ఉండాలి. అంటే ఇంకా 177 పీరియడ్ల వరకు, సుమారు ఇరవై తొమ్మిదిన్నర రోజులు, పోగొట్టుకోవచ్చు. ఎనిమిది వారాల్లో పండగలు, ఆదివారాలు పోను 45 పనిరోజులు వస్తాయనుకుంటే పోయేవి 270. అప్పుడు అతని చేతిలో మిగిలేవి 258, అంటే 47.8 శాతం. కమిటీ ముందుకు వెళ్లే అర్హత కూడా ఉండదు.

ఈ 47.8 అనే అంకె ఆపరేషన్ అయిన వారానికే తెలుసుకోవచ్చు. చాలా ఇళ్లలో అది మూడు నెలల తర్వాత, పరీక్ష ఫీజు కట్టబోయేటప్పుడు తెలుస్తుంది.

మూడో అంతస్తు సమస్య

తెలిశాక ఏం చేయాలి? ఇక్కడే హెచ్‌ఓడీకి, మెంటర్‌కు నిజమైన పని ఉంది. అది సానుభూతి చూపించడంతో అయ్యే పని కాదు. డాక్టరును అడగాల్సిన ప్రశ్నను మార్చాలి. "ఎన్ని రోజులు సెలవు కావాలి?" అని అడిగితే డాక్టరు పూర్తిగా కోలుకునే కాలం చెబుతారు. "ఎప్పటి నుంచి కూర్చుని పాఠం వినగలడు, అందుకు ఏమేం ఏర్పాట్లు కావాలి?" అని అడిగితే జవాబు వేరే వస్తుంది. ప్రవీణ్ విషయంలో ఆయన ఇలా చెప్పవచ్చు: ఐదు వారాల తర్వాత వాకర్ సాయంతో కదలవచ్చు, కానీ మెట్లు ఎక్కకూడదు, కాలు కింద వేలాడదీసి గంటలకొద్దీ కూర్చోకూడదు.

ఇప్పుడు అడ్డం వస్తున్నది ఎముక కాదు, మూడో అంతస్తులోని తరగతి గది. లిఫ్ట్ లేని భవనంలో సెక్షన్‌నంతటినీ మూడు వారాలపాటు కింది గదిలోకి మార్చడం టైమ్‌టేబుల్ ఇన్‌చార్జికి ఒక పూట పని. అలా చేస్తే ప్రవీణ్ ఐదు వారాలకే, అంటే 28 పనిరోజులు పోగొట్టుకుని, తిరిగి రాగలడు. పోయినవి 168. మిగిలిన 42 రోజులూ వస్తే 252. మొదటి 108తో కలిపి 360. ఇది 66.7 శాతం, కమిటీ పరిశీలించగలిగే పరిధిలోకి వచ్చినట్టే.

అయితే ల్యాబ్‌ల సంగతి మరిచిపోవడం సాధారణంగా జరిగే పొరపాటు. కింది గదిలో పాఠాలు వింటున్నాడు కదా అని అందరూ నిశ్చింతగా ఉంటారు. వారానికి రెండు ల్యాబ్‌లు, ఒక్కోటి మూడు పీరియడ్లు, రెండూ పై అంతస్తుల్లో. మూడు వారాల్లో 18 పీరియడ్లు పోతాయి. 360 కాస్తా 342 అవుతుంది, అంటే 63.3 శాతం. గది మార్చి సాధించినదంతా ల్యాబ్ మెట్ల దగ్గర పోయినట్టే. అందుకని ల్యాబ్‌ల కోసం కూడా కింది అంతస్తులోని మరో కంప్యూటర్ ల్యాబ్‌ను సర్దాలి. డాక్టరు కాగితంలో "మెట్లు ఎక్కకూడదు" అన్న మాట ఉంటే టైమ్‌టేబుల్ ఇన్‌చార్జిని అడగడం తేలిక, లేకపోతే అది ఎవరో చెప్పిన మాటగానే మిగులుతుంది.

అన్ని జబ్బులూ విరిగిన కాలు లాంటివి కావు. క్షయనే తీసుకోండి. ఊపిరితిత్తుల క్షయకు మామూలుగా ఆరు నెలల చికిత్స. ఇంట్లోవాళ్లు ఆరు నెలలూ సెలవే అనుకుంటారు, కాలేజీ వాళ్లు కూడా భయంతో "పూర్తిగా తగ్గాకే పంపండి" అంటారు. కానీ మందులు సరిగా పడితే కొన్ని వారాల్లోనే ఇతరులకు అంటించే ప్రమాదం బాగా తగ్గుతుంది. ఎప్పుడు తరగతికి రావచ్చో చికిత్స చేసే డాక్టరు పరీక్షలు చూసి చెప్పగలరు. అందుకే సర్టిఫికెట్‌లో చికిత్స కాలం ఒక వాక్యంగా, సెలవు కాలం ఇంకో వాక్యంగా రాయించుకోవాలి. రెండూ కలిసిపోయి "ఆరు నెలల చికిత్స, విశ్రాంతి అవసరం" అని ఉంటే, ఆ ఒక్క వాక్యం ఏడాదిని మింగేస్తుంది.

ఆఖర్న అంకె మారుతుంది

66.7 శాతం వచ్చిందని ఊపిరి పీల్చుకోవడానికి లేదు. ప్రవీణ్‌కు 351కి పైన ఉన్నవి 9 పీరియడ్లు. అంటే రోజున్నర. తిరిగి వచ్చాక రెండు రోజులు జ్వరం వస్తే పోయాయి. ఆస్పత్రికి చెకప్‌కు వెళ్లిన ప్రతి పూటా మూడు పీరియడ్లు తింటుంది. ఆ అపాయింట్‌మెంట్లను రెండో శనివారానికో, కాలేజీ అయ్యాక సాయంత్రానికో పెట్టించుకోమని మెంటర్ ముందే చెప్పాలి.

ఇంకో చిక్కు ఉంది, ఇది లెక్క తెలిసినవాళ్లను కూడా దెబ్బ కొడుతుంది. 540 అనేది సెమిస్టర్ మొదట్లో వేసుకున్న అంచనా మాత్రమే. శాతం లెక్కగట్టేది నిజంగా జరిగిన పీరియడ్ల మీద. ప్రవీణ్ తిరిగి వచ్చాక భారీ వానలకో, బంద్‌కో ఐదు రోజులు కాలేజీ మూసేశారనుకోండి. మొత్తం 510 అవుతుంది. అతను వచ్చేవి కూడా 30 తగ్గి 330 అవుతాయి. 330ని 510తో భాగిస్తే 64.7 శాతం. కావలసినవి 332. ఒక్క రోజు కూడా అదనంగా మానకుండానే, రెండు పీరియడ్ల తేడాతో గీత కిందకు వెళ్లిపోయాడు. 64.7ను 65 అని సర్దుకోవచ్చులే అనుకోవడం దింపుడు కళ్లం ఆశ.

దీనికి న్యాయమైన పరిష్కారం ఉంది. పోయిన పనిరోజులను సెక్షన్‌కంతటికీ సెలవు శనివారాల్లో నడిపితే మొత్తం మళ్లీ పెరుగుతుంది, అతనికీ అవకాశం వస్తుంది. ఒక్క విద్యార్థి కోసం విడిగా పాఠం చెప్పి దాన్ని హాజరులో వేయడం మాత్రం వేరే సంగతి. పాఠం చెప్పడం మంచిదే, చెప్పాలి కూడా. కానీ ఆ గంటను మామూలు తరగతిగా చూపించకూడదు.

మిడ్ పరీక్షల ముచ్చట కూడా ఒకటుంది. మిడ్ రాసినవారికి ఆ థియరీ సబ్జెక్టులో రెండు పీరియడ్ల హాజరు లెక్కిస్తారు. ఐదు థియరీ సబ్జెక్టులుంటే ఒక మిడ్‌కు పది పీరియడ్లు. మనం వేసుకున్న 540లో ఇవీ కలిసే ఉన్నాయనుకుందాం. తొమ్మిది పీరియడ్ల అంచున నడిచేవాడికి రెండో మిడ్‌కు రావడం మార్కుల కోసమే కాదు, హాజరు కోసం కూడా. మంచం మీద ఉండగా జరిగిపోయిన మొదటి మిడ్ మార్కుల మాటేమిటి, దానికి బదులు పరీక్ష ఎప్పుడు, ఎలా పెడతారు అన్నది రెగ్యులేషన్‌ను బట్టి మారుతుంది. అది పరీక్షల విభాగాన్ని రాతపూర్వకంగా అడిగి జవాబు ఫైల్లో పెట్టుకోవాల్సిన విషయం.

లేనివాణ్ణి ఉన్నాడని రాస్తే

ఇంత లెక్క ఎందుకు, పాపం కాలు విరిగినవాడే కదా, నాలుగు పీరియడ్లు హాజరు వేసేస్తే పోలేదా అని మంచి మనసున్న లెక్చరర్లకు అనిపిస్తుంది. చేయకూడని పని అదొక్కటే అని నా అభిప్రాయం. నీతి కోసం చెబుతున్న మాట కాదిది. దానివల్ల ముందుగా దెబ్బ తగిలేది ఆ కుర్రాడికే.

ప్రవీణ్‌కు జరిగింది రోడ్డు ప్రమాదం. ఎదుటి వాహనం తప్పుంటే నష్టపరిహారం కోసం మోటారు ప్రమాదాల ట్రిబ్యునల్‌కు వెళతాడు. చదువు దెబ్బతిన్నదని, సెమిస్టర్ పోయిందని అక్కడ చెప్పుకోవాల్సి రావచ్చు. ఇన్సూరెన్స్ కంపెనీ లాయరు కాలేజీ హాజరు రికార్డు తెప్పించమని కోరితే, మంచం మీద ఉన్నానన్న తేదీల్లో అతను డేటా స్ట్రక్చర్స్ క్లాసులో ఉన్నట్టు కనిపిస్తుంది. దయతో వేసిన ఆ హాజరే అతని కేసును పలచన చేస్తుంది. పైగా జేఎన్‌టీయూ రెగ్యులేషన్ల ప్రకారం హాజరు వివరాలను రెండు వారాలకోసారి యూనివర్సిటీ వెబ్‌సైట్‌లో పెట్టాలి. ఒకసారి వెళ్లిన అంకెను తర్వాత మార్చితే ఆ మార్పే ఒక ప్రశ్న అవుతుంది. అదే సెక్షన్‌లో 64 శాతంతో డిటెయిన్ అయిన మరో విద్యార్థి "అతనికో న్యాయం, నాకో న్యాయమా?" అని హైకోర్టుకు వెళితే, కాలేజీ చూపించాల్సింది ఈ రిజిస్టరే.

కాబట్టి రాత పద్ధతి ఇలా ఉండాలి. హాజరు రిజిస్టరులో రానివాడు రానట్టే ఉండాలి. ఎందుకు రాలేదన్నది విడిగా, మెడికల్ లీవు రిజిస్టరులో ఉండాలి: రోల్ నంబరు, సమాచారం అందిన తేదీ, ఎవరు చెప్పారు, సెలవు ఏ తేదీ నుంచి ఏ తేదీకి, ఏ కాగితం ఆధారం, తిరిగి వచ్చిన తేదీ. గైర్హాజరు ఒక వాస్తవం, దాని కారణం ఇంకో వాస్తవం. మన్నించాలా వద్దా అన్నది మూడోది, కమిటీ నిర్ణయం. ఈ మూడింటినీ ఒకే గడిలో కుక్కితే తర్వాత ఏదీ విడిగా రుజువు చేయలేం. సాఫ్ట్‌వేర్‌లో మెడికల్ లీవు అని ఎంచుకునే సదుపాయం ఉంటే ఒక సంగతి సరిచూసుకోండి. దాన్ని నొక్కితే శాతం పెరుగుతోందా, లేక పక్కన గుర్తు మాత్రమే పడుతోందా? పెరుగుతుంటే, మీ నిబంధనలు ఒప్పుకోని హాజరును యంత్రం చేత వేయిస్తున్నట్టే.

కాగితాల్లో ఏముండాలి

మొదటి కాగితం తల్లిదండ్రుల ఉత్తరం. ప్రమాదం జరిగిన రెండు మూడు రోజుల్లో ఇవ్వాలి, సర్టిఫికెట్ వచ్చేదాకా ఆగకూడదు. "మా అబ్బాయికి ఫలానా తేదీన ప్రమాదం జరిగింది, ఫలానా ఆస్పత్రిలో ఉన్నాడు, డాక్టరు కాగితాలు తర్వాత అందజేస్తాం" అన్నా చాలు. దాన్ని ఇన్‌వర్డ్ రిజిస్టరులో ఎక్కించి నంబరు, తేదీ, స్టాంపు వేసిన నకలు వెనక్కి తీసుకోవాలి. మెంటర్‌కు పంపిన వాట్సాప్ మెసేజ్ సమాచారం చేరవేస్తుంది కానీ, మెంటర్ ఉద్యోగం మారి వెళ్లిపోతే ఆ మెసేజ్ కూడా ఆయన ఫోన్‌తోనే వెళ్లిపోతుంది.

రెండోది డిశ్చార్జి సమ్మరీ. చేరిన తేదీ, పంపిన తేదీ, ఇన్‌పేషెంట్ నంబరు దానిలో ఉంటాయి. అందువల్ల దీనికున్న విలువ విడి సర్టిఫికెట్‌కు ఉండదు. మూడోది మెడికల్ సర్టిఫికెట్. దానిలో డాక్టరు రిజిస్ట్రేషన్ నంబరు, విశ్రాంతి మొదలయ్యే తేదీ, ముగిసే తేదీ ఉండాలి. ఆఖరిది, చాలామంది మరిచిపోయేది, తిరిగి కాలేజీకి రావచ్చని చెప్పే ఫిట్‌నెస్ సర్టిఫికెట్. అందులోనే మెట్ల సంగతి, ఎంతసేపు కూర్చోవచ్చన్న సంగతి రాయించుకోవాలి. సెలవు పొడిగించాల్సి వస్తే పాత గడువు అయిపోకముందే కొత్త కాగితం ఇవ్వాలి. పాత సర్టిఫికెట్ పదో తేదీన ముగిసి, కొత్తది పదిహేనో తేదీన మొదలైతే, మధ్యలోని నాలుగు రోజులకు అడిగే హక్కు ఎవరికైనా ఉంటుంది.

ఆస్పత్రి కాగితాలు పోయాయని కంగారుపడేవాళ్లకు ఒక మాట. డాక్టర్ల వృత్తి ప్రవర్తనపై 2002లో వచ్చిన కేంద్ర నిబంధనల ప్రకారం ఇన్‌పేషెంట్ల వైద్య రికార్డులను చికిత్స మొదలైన నాటి నుంచి మూడేళ్లు ఉంచాలి. రోగి గానీ, అతని తరఫున అధికారం ఉన్నవారు గానీ అడిగితే 72 గంటల్లో ఇవ్వాలి. డాక్టరు తాను ఇచ్చిన మెడికల్ సర్టిఫికెట్లన్నిటికీ ఒక రిజిస్టరు పెట్టుకోవాలని కూడా అదే నిబంధనలు చెబుతాయి. కాలేజీకి అనుమానం వస్తే వెళ్లాల్సిన దారి అదే. జబ్బేమిటో తవ్వక్కర్లేదు. "ఈ నంబరు సర్టిఫికెట్ మీరిచ్చిందేనా, తేదీలు ఇవేనా?" అని విద్యార్థి సమ్మతితో ఒక ఉత్తరం రాస్తే సరిపోతుంది.

అనుమానం ఎప్పుడు రావాలి? సెమిస్టర్ ఆఖరి వారంలో ఒకే క్లినిక్ నుంచి అయిదారు సర్టిఫికెట్లు వరస నంబర్లతో వచ్చినప్పుడు. రెండు నెలల కిందటి జబ్బుకు నిన్నటి తేదీతో సంతకం ఉన్నప్పుడు. "పూర్తి విశ్రాంతి" అన్న రోజుల్లో బయోమెట్రిక్‌లో వేలిముద్ర, ల్యాబ్ రికార్డులో సంతకం కనిపించినప్పుడు. ఇలాంటి కాగితాలను పట్టుకోవడానికి డిటెక్టివ్ అక్కర్లేదు. మన దగ్గరున్న రెండు రిజిస్టర్లను పక్కపక్కన పెట్టి చూస్తే చాలు. నిజంగా జబ్బుపడిన పిల్లవాడి మాట నమ్మాలంటే ఈ పరిశీలన జరగాల్సిందే. దొంగ కాగితాలను చూసీ చూడనట్టు పోయే కాలేజీలో కమిటీ సభ్యులకు ప్రతి సర్టిఫికెట్ మీదా చులకనే మిగులుతుంది.

జబ్బు పేరు ఎవరికి తెలియాలన్నది వేరే ప్రశ్న. సబ్జెక్టు చెప్పే లెక్చరర్‌కు కావలసింది తేదీలు, తరగతిలో చేయాల్సిన ఏర్పాట్లు మాత్రమే. డిశ్చార్జి సమ్మరీ అంతా చదవాల్సిన అవసరం హెచ్‌ఓడీకి, కమిటీకి మించి ఎవరికీ లేదు. మానసిక అనారోగ్యం, గర్భస్రావం, హెచ్‌ఐవీ వంటి విషయాల్లో ఆ కాగితాన్ని సీల్డ్ కవరులో ప్రిన్సిపాల్ దగ్గరే ఉంచి, ఫైల్లో "వైద్య కారణం సరిచూశాను" అన్న సంతకం చేసిన పేజీ పెడితే పని జరుగుతుంది. సర్టిఫికెట్ ఫొటోను స్టాఫ్ వాట్సాప్ గ్రూపులో పెట్టి "అటెండెన్స్ చూడండి ప్లీజ్" అని రాయడం మన కాలేజీల్లో మామూలైపోయింది. దీన్ని మాత్రం ఆపాలి.

కమిటీ ముందు

ప్రవీణ్ లెక్క 66.7 దగ్గర నిలిచిందనుకుందాం. అయినా మన్నింపు దానంతటదే రాదు. విద్యార్థి దరఖాస్తు ఇవ్వాలి, సాక్ష్యం జతచేయాలి, కమిటీ నిర్ణయించాలి, ఫీజు కట్టాలి, ఆ జాబితా పరీక్షల విభాగానికి చేరాలి. ఈ వరసలో ఒక మెట్టు తప్పినా హాల్‌టికెట్ ఆగుతుంది. ఫీజు రసీదును దరఖాస్తుతో కలిపి పిన్ చేసి ఉంచుకోవాలి.

కమిటీ మినిట్స్‌లో "వైద్య కారణాలపై అనుమతించాం" అని ఒక్క వాక్యం రాసి వదిలేయడం అలవాటు. అది చాలదు. జరిగిన పీరియడ్లు ఎన్ని, హాజరైనవి ఎన్ని, శాతం ఎంత, సర్టిఫికెట్ చెప్పే తేదీల్లో పోయినవి ఎన్ని, మిగతా కారణాలతో పోయినవి ఎన్ని అన్నది రాయాలి. ప్రవీణ్ విషయంలో మొత్తం 180 పోతే 168 ఆస్పత్రి, విశ్రాంతి కాలంలోవి, 12 పెళ్లివి. పక్క కేసులో పోయిన 180లో జ్వరం తేదీలకు చెందినవి 24 మాత్రమే అయితే, రెండింటికీ ఒకే 66.7 శాతం ఉన్నా రెండూ ఒకటి కావు. ఆ తేడాను కమిటీ చూసిందని మినిట్స్ చెప్పాలి. నిరాకరించినప్పుడు కూడా కారణం రాసి, నకలు విద్యార్థికి ఇవ్వాలి.

గది మారకపోతే, ఎముక అతకకపోతే, లెక్క 65కు చేరదని ముందే తేలిపోతే? అప్పుడు చెప్పాల్సిన మాట చెప్పేయడమే మేలు. "సార్, ఎలాగోలా లాక్కొస్తాం" అని తండ్రి అన్నా, "ఈ సెమిస్టర్‌ను పట్టుకుని వాడి కాలు పాడుచేయకండి" అని హెచ్‌ఓడీ చెప్పగలగాలి. డిటెయిన్ అయితే ఆ సెమిస్టర్ రిజిస్ట్రేషన్, దానిలోని ఇంటర్నల్ మార్కులతో సహా రద్దవుతుంది. అదే సెమిస్టర్‌ను కాలేజీ మళ్లీ నడిపినప్పుడు, అంటే మామూలుగా ఏడాదికి, తిరిగి చేరి అన్ని సబ్జెక్టులూ చదవాలి. బీటెక్ పూర్తి చేయడానికి ఎనిమిదేళ్ల వరకు గడువుంది కాబట్టి ఒక ఏడాది పోయినంత మాత్రాన సీటు పోదు. కానీ ఈలోగా రెగ్యులేషన్ మారితే కొన్ని సబ్జెక్టులకు బదులు వేరేవి రాయాల్సి వస్తుంది. ఆ జాబితాను తిరిగి చేరే రోజునే రాతలో తీసుకోవాలి. ఫీజు రీయింబర్స్‌మెంట్ మీద చదివేవారు అదే వారంలో స్కాలర్‌షిప్ క్లర్కును కలిసి, పోయిన ఏడాదికీ తిరిగి చేరే ఏడాదికీ ఫీజు ఎవరు కట్టాలో అడిగి తెలుసుకోవాలి. ఆ పథకాలకూ హాజరుకూ లంకె ఉంది, ఆ అప్పు నెత్తిన పడేది కుటుంబానికే.

బడి పిల్లల సంగతి రెండు ముక్కల్లో. సీబీఎస్ఈ 10, 12 తరగతుల బోర్డు పరీక్షలకు కూడా 75 శాతం కావాలి. లోటు ఉన్న కేసులను బడే బోర్డు ప్రాంతీయ కార్యాలయానికి కాగితాలతో పంపాలి. జబ్బు చేసిన వెంటనే లీవు లెటరు బడికి చేరడం అక్కడ మరీ ముఖ్యం, తర్వాత తెచ్చే సర్టిఫికెట్‌ను నమ్మించడం కష్టం. ఇక తలసీమియా, హీమోఫీలియా, సికిల్ సెల్ వంటి జబ్బులతో నెలనెలా ఆస్పత్రికి వెళ్లే పిల్లలది ఇంకో దారి. 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం గుర్తించిన జాబితాలో ఇవి ఉన్నాయి. వారికి తగిన సర్దుబాట్లు చేయాలని విద్యాసంస్థలకు ఆ చట్టం చెబుతుంది. కాబట్టి ప్రతిసారీ మెడికల్ లీవు అడుక్కునే బదులు, ఏడాది మొదట్లోనే వైకల్య ధ్రువపత్రం ఇచ్చి ఏయే సర్దుబాట్లు కావాలో రాతలో కోరడం వారికి నయం.

చివరగా ఇంటి ఫైలు. కాలేజీకి ఎప్పుడూ నకళ్లే ఇవ్వండి, అసలు కాగితాలు చూపించి సరిచూడమనండి. డిశ్చార్జి సమ్మరీ అసలు ప్రతి ఇన్సూరెన్స్ క్లెయిముకు కావాలి, ట్రిబ్యునల్‌కు కావాలి, తిరిగి చేరేటప్పుడు మళ్లీ కావాలి. ఇన్‌వర్డ్ స్టాంపు పడిన ఉత్తరం నకలు, కండోనేషన్ ఫీజు రసీదు, కాలేజీ నుంచి వచ్చిన ప్రతి హాజరు నోటీసు తేదీ వారీగా ఒకే కవరులో ఉంచాలి. పట్టా చేతికొచ్చి, పరిహారం కేసు కూడా ముగిసేదాకా ఆ కవరు బీరువాలోనే ఉండాలి.